ప్రొబేటా, సక్సెషన్ సర్టిఫికెట్టా: పోయినవారి ఆస్తి కోసం కుటుంబానికి ఏ కాగితం కావాలి

ఇంటి పెద్ద పోయిన కొన్నాళ్లకు కుటుంబం బ్యాంకు మెట్లెక్కితే, కౌంటర్లో ‘సక్సెషన్ సర్టిఫికెట్ తీసుకురండి’ అంటారు. షేర్ల కోసం రాస్తే ‘ప్రొబేట్ గానీ సక్సెషన్ సర్టిఫికెట్ గానీ పంపండి’ అని జవాబొస్తుంది. తహసీల్దారు ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఒకచోట చెల్లుతుంది, ఇంకోచోట చెల్లదంటారు. దాంతో చాలామంది ‘మొత్తం ఆస్తికి కలిపి కోర్టులో ఒక కాగితం తెచ్చేసుకుందాం’ అని వకీలు దగ్గరికి వెళ్తారు. అక్కడే డబ్బూ సమయమూ వృథా కావడం మొదలవుతుంది. ఆస్తులన్నిటికీ కలిపి ఒకే కాగితం అనేది చాలా కుటుంబాలకు అవసరమే ఉండదు. ఏ ఆస్తికి ఏ కాగితమో విడివిడిగా తేల్చుకోవాలి. అలా తేల్చుకున్నాక కోర్టు అవసరం ఉన్న ఆస్తులు రెండో మూడో మిగులుతాయి.

ఈ వ్యాసంలో చెప్పేది ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని కుటుంబాల గురించి. రెండు కాగితాలకూ మూలం 1925 నాటి భారత వారసత్వ చట్టమే.

రెండు కాగితాలు చేసే పని

ప్రొబేట్ అంటే ఒక వీలునామా నిజమైనదేనని, పోయినవారు రాసిన చివరి వీలునామా అదేనని కోర్టు నిర్ధారించి, ముద్ర వేసి ఇచ్చే ప్రతి. అంటే వీలునామా లేకపోతే ప్రొబేట్ అనే మాటే లేదు. పైగా దాన్ని, వీలునామాను అమలు చేసే బాధ్యత ఇస్తూ అందులో ఎగ్జిక్యూటర్‌గా పేరు రాసిన మనిషికే ఇస్తారు. వీలునామా ఉంది కానీ ఎగ్జిక్యూటర్ పేరు రాయలేదు, లేదా ఆయన కూడా పోయారు అనుకోండి. అప్పుడు కోర్టు ఇచ్చేది వీలునామాను జతచేసిన లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్. పేరు వేరైనా దాని పని దాదాపు అదే.

సక్సెషన్ సర్టిఫికెట్ పరిధి వేరు. పోయినవారికి ఇతరుల నుంచి రావలసిన బాకీలకు, షేర్లు, బాండ్లు, డిబెంచర్ల వంటి సెక్యూరిటీలకు మాత్రమే అది వర్తిస్తుంది. బ్యాంకు డిపాజిట్ కూడా చట్టం దృష్టిలో బ్యాంకు మనకు ఉన్న బాకీయే కాబట్టి అదీ ఇందులోకి వస్తుంది. ఇల్లు, స్థలం, పొలం రావు. ఇంటి కోసం సక్సెషన్ సర్టిఫికెట్ వేయించమని ఎవరైనా సలహా ఇస్తే ఆ సలహా తప్పు.

ఇంకో తేడా అందరూ తెలుసుకోవాలి. సక్సెషన్ సర్టిఫికెట్ ఆస్తి ఎవరిదో తేల్చదు. డబ్బు చెల్లించే బ్యాంకుకు, కంపెనీకి అది రక్షణ కల్పిస్తుంది. ఆ కాగితం చూసి నమ్మకంగా చెల్లించాక, రేపు ఇంకో వారసుడు వచ్చి ‘నా వాటా ఏది’ అని బ్యాంకును అడగలేడు. సర్టిఫికెట్ పట్టుకెళ్లి డబ్బు తీసుకున్న మనిషినే అడగాలి. ఆ మనిషి మిగతా వారసుల తరఫున డబ్బు వసూలు చేసినట్టే లెక్క. ప్రొబేట్ అలా కాదు. వీలునామా నిజమా కాదా అన్న ప్రశ్నపై అది ప్రపంచమందరినీ కట్టిపడేసే తీర్పు. అయితే ప్రొబేట్ కోర్టు కూడా ఆ ఇల్లు అసలు పోయినాయనదేనా అన్న సంగతిలోకి వెళ్లదు.

మొదటి పని: ఆస్తుల జాబితా, ఒక కుటుంబం లెక్కతో

ఒక ఊహా కుటుంబాన్ని తీసుకుందాం. గుంటూరులో ఉండే రిటైర్డ్ ఉద్యోగి, 64 ఏళ్ల వయసులో పోయారు. భార్య ఉన్నారు. కొడుకు హైదరాబాదులో, కూతురు అమెరికాలో ఉంటారు. ఆయన తల్లి, 86 ఏళ్ల పెద్దావిడ, అదే ఇంట్లో ఉంటున్నారు. హిందూ కుటుంబం. వీలునామా రాయలేదు. బీరువా తీసి చూస్తే ఇవి తేలాయి:

- భార్యతో కలిసి ఉన్న జాయింట్ సేవింగ్స్ ఖాతా, ఇద్దరిలో ఎవరైనా లేదా బతికున్నవారు తీసుకోవచ్చన్న షరతుతో. అందులో 3 లక్షలు.
- భార్యను నామినీగా పెట్టిన ఫిక్స్‌డ్ డిపాజిట్ 12 లక్షలు.
- వేరే బ్యాంకులో నామినీ లేని డిపాజిట్లు 23 లక్షలు.
- నామినీ లేని డీమ్యాట్ ఖాతాలో 19 లక్షల విలువైన షేర్లు.
- ఒక కంపెనీవి పాత కాగితపు షేర్ సర్టిఫికెట్లు, విలువ లక్షన్నర.
- తెలిసినాయనకు ప్రామిసరీ నోటు మీద ఇచ్చిన అప్పు 4 లక్షలు.
- స్వార్జితంగా కొన్న ఇల్లు, ఊళ్లో రెండెకరాల పొలం.

జాయింట్ ఖాతాకు కోర్టుతో పని లేదు. డెత్ సర్టిఫికెట్ ఇస్తే బ్యాంకు ఆయన పేరు తీసేసి భార్య పేరున కొనసాగిస్తుంది. నామినీ ఉన్న 12 లక్షలు కూడా అంతే, నామినీకి ఇచ్చేస్తారు. సర్టిఫికెట్ అడగడానికి వీల్లేదు.

కానీ నామినీ చేతికి డబ్బు వచ్చినంత మాత్రాన అది నామినీ సొంతం కాదు. 1983 డిసెంబరులో సర్బతీ దేవి కేసులో బీమా పాలసీ విషయంలో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులో షేర్లకూ ఇదే వర్తిస్తుందని తేల్చింది. బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే ఆ సొమ్ము మీద వారికే హక్కు దక్కేలా మార్పు వచ్చింది. బ్యాంకు డిపాజిట్‌కు ఆ మార్పు లేదు. మన ఉదాహరణలో భార్య చేతికొచ్చే 12 లక్షల్లో చట్టప్రకారం నలుగురికీ తలా 3 లక్షల హక్కు ఉంటుంది. మిగతావాళ్లు వద్దనుకుంటే అది వాళ్ల ఇష్టం.

నలుగురని ఎందుకన్నానంటే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగవారు వీలునామా లేకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు ఆయన తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. ఆమెకూ సమాన వాటా. ఎక్కువ పిటిషన్లలో మర్చిపోయేది ఈ పెద్దావిడనే. పెళ్లయిన కూతురి పేరు వదిలేసేవాళ్లూ ఉన్నారు, కానీ ఆ తప్పు చాలాసార్లు తెలిసే చేస్తారు. తల్లి సంగతి మాత్రం నిజంగానే ఎవరికీ తట్టదు. ఈలోగా ఆవిడ పోతే ఆ పావు వాటా ఆవిడ వారసులకు వెళ్తుంది. అంటే పోయినాయన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా కొత్తగా సంతకాలు పెట్టాల్సినవారవుతారు. అందుకే నాయనమ్మ ఉన్న ఇంట్లో ఈ పనులు వాయిదా వేయకూడదు.

పరిమితిలోపు ఉన్నవాటిని కోర్టుకు తీసుకెళ్లకండి

2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు కొత్త ఆదేశాలు ఇచ్చింది. వాటిని అమల్లోకి తేవడానికి బ్యాంకులకు 2026 మార్చి 31 దాకా గడువిచ్చింది. వాటి ప్రకారం నామినీ లేకపోయినా 15 లక్షల వరకు (సహకార బ్యాంకుల్లో 5 లక్షల వరకు) క్లెయిమును సులభ పద్ధతిలో పరిష్కరించాలి. బ్యాంకు తనంతట తాను ఇంకా ఎక్కువ పరిమితి పెట్టుకోవచ్చు. ఈ పరిమితిలోపు వారసుల క్లెయిము ఫారం, తర్వాత ఎవరైనా హక్కు అడిగితే ఆ నష్టం మేమే భరిస్తామని రాసిచ్చే ఇండెమ్నిటీ బాండ్, మిగతా వారసుల నిరభ్యంతర పత్రం వంటివి చాలు. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో డబ్బివ్వాలి, ఆలస్యం చేస్తే పరిహారం కట్టాలి. కౌంటర్లో అలవాటు కొద్దీ సక్సెషన్ సర్టిఫికెట్ అడిగితే ఈ ఆదేశాలను ప్రస్తావిస్తూ బ్రాంచి మేనేజరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. నోటి మాటకు నోటి జవాబే వస్తుంది.

షేర్ల విషయంలో 2022లో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన పరిమితి డీమ్యాట్‌కు ఒక్కో ఖాతాదారుకు 15 లక్షలు, కాగితపు షేర్లకు ఒక్కో కంపెనీలో 5 లక్షలు. ఆ లోపు అయితే కోర్టు కాగితం లేకుండా, అఫిడవిట్, ఇండెమ్నిటీ, నిరభ్యంతర పత్రాలతో వారసుల పేరుకు మార్చాలి.

మన కుటుంబానికి ఇది కలిపి చూస్తే, లక్షన్నర విలువైన కాగితపు షేర్లు సులభ పద్ధతిలో వెళ్లిపోతాయి. 23 లక్షల డిపాజిట్లు, 19 లక్షల డీమ్యాట్ షేర్లు పరిమితి దాటాయి. వాటికి ముందు ఆ బ్యాంకునూ, డీమ్యాట్ ఖాతా నడిపే సంస్థ అయిన డీపీనీ ‘ఏ కాగితాలు కావాలో రాసివ్వండి’ అని అడగాలి. తహసీల్దారు ఇచ్చే వారసుల సర్టిఫికెట్‌తో, జామీనుదారులతో సరిపెట్టుకోవడానికి ఒప్పుకుంటే కోర్టు ఖర్చు తప్పినట్టే. సక్సెషన్ సర్టిఫికెట్టే కావాలంటే అప్పుడే ఆ ఆస్తి కోర్టు జాబితాలోకి రావాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే, కోర్టు ఫీజు సర్టిఫికెట్లో చూపిన మొత్తం విలువ మీద లెక్క కడతారు. రేట్లు రాష్ట్ర చట్టాన్ని బట్టి ఉంటాయి. నామినీ ఉన్న 12 లక్షలను, జాయింట్ ఖాతాను కూడా ‘ఎందుకైనా మంచిద’ని పిటిషన్లో రాస్తే, అవసరం లేని సొమ్ము మీద ఫీజు కట్టినట్టవుతుంది.

ప్రామిసరీ నోటుకు మాత్రం తొందర

4 లక్షల నోటు విడిగా చూడాల్సిన ఆస్తి. అప్పు తీసుకున్నాయన పెద్దమనిషై, వారసులందరి సంతకంతో రసీదు తీసుకుని కట్టేస్తే సమస్యే లేదు. కట్టకపోతే దావా వేయాలి. పోయినవారికి రావలసిన బాకీ మీద వారసులకు డిక్రీ ఇవ్వాలంటే సక్సెషన్ సర్టిఫికెట్, ప్రొబేట్ వంటి కాగితం చూపాలని భారత వారసత్వ చట్టంలోని 214వ సెక్షను చెబుతుంది.

ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. అడగ్గానే చెల్లించాల్సిన డిమాండ్ నోటుకు కాలపరిమితి రాసిన తేదీ నుంచి మూడేళ్లు. సర్టిఫికెట్ వచ్చాక దావా వేద్దామని కూర్చుంటే ఆ మూడేళ్లు దాటిపోతాయి. అప్పిచ్చినాయన పోయినంత మాత్రాన గడువు ఆగదు. సర్టిఫికెట్ చూపాల్సింది డిక్రీ ఇచ్చేనాటికి. దావా దాఖలు చేసేనాటికే ఉండాలని లేదు. కాబట్టి గడువు దగ్గరపడితే ముందు దావా వేసి, పక్కనే సర్టిఫికెట్ పిటిషన్ నడిపించాలి. నోటు వెనక వడ్డీ జమలు రాసి అప్పు తీసుకున్నాయన సంతకం ఉందేమో కూడా చూడండి. గడువు తీరకముందే పెట్టిన సంతకమైతే కొత్త మూడేళ్లు ఆ తేదీ నుంచి మొదలవుతాయి.

సక్సెషన్ సర్టిఫికెట్ ఎలా తెచ్చుకోవాలి

మన కుటుంబానికి చివరికి కోర్టు జాబితాలో మిగిలినవి మూడు: డిపాజిట్లు 23 లక్షలు, డీమ్యాట్ షేర్లు 19 లక్షలు, నోటు 4 లక్షలు. మొత్తం 46 లక్షలు.

పిటిషన్ ఎక్కడ వేయాలన్నది పోయినాయన మామూలుగా ఎక్కడ నివసించేవారో దాన్ని బట్టి ఉంటుంది. బ్యాంకు బ్రాంచి హైదరాబాదులో ఉన్నా, కంపెనీ ముంబయిలో ఉన్నా, ఆయన గుంటూరులో ఉండేవారు కాబట్టి పిటిషన్ గుంటూరులోనే. జిల్లా కోర్టు గానీ ఆ అధికారం ఇచ్చిన సివిల్ జడ్జి కోర్టు గానీ దీన్ని విచారిస్తుంది. ఒకచోట ఇచ్చిన సర్టిఫికెట్ దేశమంతటా చెల్లుతుంది, కాబట్టి ఒక్కో ఊళ్లో ఒక్కో పిటిషన్ అక్కర్లేదు.

పిటిషన్లో మరణించిన తేదీ, నివాసం, కుటుంబసభ్యులూ దగ్గరి బంధువులూ వారి చిరునామాలు, ఏ హక్కుతో అడుగుతున్నారు, సర్టిఫికెట్ ఇవ్వడానికి చట్టపరమైన అడ్డంకి లేదన్న మాట, చివర బాకీలూ సెక్యూరిటీల షెడ్యూలు ఉండాలి. సాధారణంగా ఒకరు పిటిషనరుగా ఉండి మిగతా వారసులను ప్రతివాదులుగా చూపిస్తారు. ప్రతివాదులంటే శత్రువులని కాదు, వాళ్లకు నోటీసు వెళ్లి వాళ్ల మాట కోర్టు ముందుకు రావడానికి ఆ ఏర్పాటు. మన ఉదాహరణలో భార్య పిటిషనరు, కొడుకు, కూతురు, అత్తగారు ప్రతివాదులు.

అన్నిటికంటే శ్రద్ధ పెట్టాల్సింది షెడ్యూలు మీద. ఒక్కో డిపాజిట్‌కు బ్యాంకు పేరు, బ్రాంచి, ఖాతా లేదా రసీదు నంబరు, అసలు మొత్తం, ‘చెల్లించే తేదీ వరకు వచ్చే వడ్డీతో సహా’ అన్న మాట రాయాలి. షేర్లకు కంపెనీ పేరు, ఎన్ని షేర్లు, డీపీ ఐడీ, క్లయింట్ ఐడీ ఉండాలి. డివిడెండు తీసుకునే అధికారంతో పాటు షేర్లను బదిలీ చేసే, అమ్మే అధికారం కూడా కావాలని స్పష్టంగా కోరాలి. సర్టిఫికెట్‌లో ఏ అధికారం రాస్తే అదే చెల్లుతుంది. వడ్డీ, డివిడెండు వరకే రాసి ఉంటే షేర్లు అమ్మడానికి పనికిరాదు.

మన దగ్గర పేర్ల సమస్య మరీ ఎక్కువ. డెత్ సర్టిఫికెట్లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో ఒక్క అక్షరమే ఉంటుంది, షేర్లలో ఇంటిపేరు చివరికి వెళ్లిపోతుంది, ‘వెంకట’ ఒకచోట ఉంటుంది, ఇంకోచోట ఉండదు. పిటిషన్ వేసేటప్పుడే ‘ఫలానా అని, ఫలానా అని కూడా పిలవబడే’ అంటూ రికార్డుల్లో ఉన్న పేర్లన్నీ రాయించండి. సర్టిఫికెట్ వచ్చాక కంపెనీ పేరు కుదరలేదని తిప్పి పంపితే, మళ్లీ కోర్టుకెళ్లి సవరణ కోరాలి.

పిటిషన్‌కు నంబరు పడ్డాక ప్రతివాదులకు నోటీసులు వెళ్తాయి. సాధారణంగా స్థానిక దినపత్రికలో ప్రకటన వేయిస్తారు. అభ్యంతరాలు రాకపోతే పిటిషనరు అఫిడవిట్ రూపంలో సాక్ష్యం ఇస్తారు. డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, బ్యాంకు లేఖలు, డీమ్యాట్ స్టేట్‌మెంటు కోర్టులో మార్కు చేస్తారు. ఇది క్లుప్త విచారణ. చిక్కుముడి ప్రశ్నలన్నీ తేల్చకుండా, పైకి చూడగానే ఎవరి హక్కు మెరుగ్గా కనిపిస్తే వారికి జడ్జి సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. ఎవరూ పోట్లాడకపోతే నెలల్లో తెమిలే పని. ఎవరైనా కౌంటరు వేస్తే ఎంతకాలం పడుతుందో చెప్పలేం.

అమెరికాలో ఉన్న కూతురు ప్రతిసారీ రానక్కర్లేదు. సమ్మతి అఫిడవిట్ లేదా స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ అక్కడ నోటరీ చేయించి, అక్కడి ప్రభుత్వ ధృవీకరణ అయిన అపోస్టిల్ వేయించి గానీ, భారత కాన్సులేటులో సంతకం చేసి గానీ పంపొచ్చు. విదేశంలో రాసిన పవర్ ఆఫ్ అటార్నీకి అది మన దేశానికి చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి. ఆ గడువు మర్చిపోయి, కవరు బీరువాలో పెట్టేసుకునేవాళ్లు చాలామంది.

ఆర్డరు రాగానే పని అయిపోయిందనుకుంటారు. ఆర్డరు వేరు, సర్టిఫికెట్ వేరు. కోర్టు ఫీజు పూర్తిగా కట్టి, జడ్జి అడిగితే జామీనుతో బాండ్ ఇచ్చాకే సర్టిఫికెట్ తయారవుతుంది. ఆర్డరు నకలు పట్టుకుని బ్యాంకుకు వెళ్తే వెనక్కి పంపుతారు.

డబ్బు వచ్చాక ఆ 46 లక్షల్లో నలుగురికీ తలా పదకొండున్నర లక్షల హక్కు. సర్టిఫికెట్ భార్య ఒక్కరి పేరున వచ్చినా ఈ లెక్క మారదు. ఎవరైనా తమ వాటా వద్దనుకుంటే ఆ సంగతి రాతలో ఉండటం మంచిది.

ఇల్లు, పొలం దారి వేరు

వీలునామా లేకుండా పోయినాయన ఇంటికి వారసులు చట్టం వల్లే హక్కుదారులవుతారు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌తో మున్సిపాలిటీలో పన్ను పేరు మార్పించుకోవచ్చు. పొలానికి రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు, అంటే ఆంధ్రలో ఫౌతి మ్యుటేషన్, తెలంగాణలో భూభారతి ద్వారా విరాసత్ చేయించుకోవాలి. ఇవి రికార్డు మార్పులే, హక్కు పత్రాలు కావు. ఒకరి పేరునే ఇల్లు ఉండాలనుకుంటే మిగతా ముగ్గురూ హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టరు చేయాలి. తెల్లకాగితం మీద రాసుకున్నది ఇంటికి చెల్లదు. అమ్మాలనుకుంటే నలుగురూ సంతకం పెట్టాలి.

వీలునామా ఉండి ఉంటే

ఇప్పుడు అదే కుటుంబంలో ఆయన వీలునామా రాశారనుకుందాం. ఇల్లు భార్యకు, డబ్బూ షేర్లూ కూతురికి, పొలం కొడుక్కి ఇచ్చారు. తమ్ముణ్ని ఎగ్జిక్యూటర్‌గా పెట్టారు.

మొదటి ప్రశ్న ప్రొబేట్ తప్పనిసరా అన్నది. తెలుగు రాష్ట్రాల్లో రాసిన, ఇక్కడి ఆస్తులకే సంబంధించిన హిందువుల వీలునామాకు అది ఎప్పుడూ తప్పనిసరి కాదు. కోస్తా జిల్లాలు ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కాబట్టి అక్కడి ‘ప్రొబేట్ తప్పనిసరి’ అన్న నిబంధన మనకూ ఉందని కొందరు భయపెడతారు. ఆ నిబంధన వర్తించింది మద్రాసు, బొంబాయి హైకోర్టుల ఒరిజినల్ సివిల్ పరిధికీ, అంటే ఆ నగరాలకూ, పాత బెంగాల్ ప్రాంతానికీ మాత్రమే. గుంటూరుకు కాదు. చెన్నైలోనో ముంబయిలోనో ఫ్లాటు ఉన్న తెలుగు కుటుంబాలకు మాత్రం అది నిజంగానే అడ్డుపడేది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ నిబంధనకు మూలమైన, భారత వారసత్వ చట్టంలోని 213వ సెక్షన్ని తొలగించింది. కాబట్టి పాత సలహా విని ఇప్పుడు చెన్నైలో ప్రొబేట్ వేసే ముందు వకీలుతో ఈ మార్పు ప్రస్తావించండి.

తప్పనిసరి కాదు అంటే పనికిరాదని కాదు. వారసులందరూ వీలునామాను ఒప్పుకుంటే, దాని నకలు, నిరభ్యంతర పత్రాలతోనే ఇల్లు, పొలం రికార్డులు మారతాయి. షేర్లకో, పెద్ద డిపాజిట్‌కో కోర్టు కాగితం కావాల్సివస్తే, కూతురు వీలునామా ఆధారంగానే సక్సెషన్ సర్టిఫికెట్ అడగవచ్చు. కానీ కొడుకు ‘ఆ సంతకం నాన్నది కాదు’ అన్నాడనుకోండి. రెవెన్యూ ఆఫీసు సివిల్ కోర్టుకు వెళ్లమంటుంది. సక్సెషన్ సర్టిఫికెట్ తెచ్చుకున్నా ఆ ప్రశ్న తేలదు, అదే విషయం మీద అతను మళ్లీ దావా వేయవచ్చు. అప్పుడు ప్రొబేటే సరైన దారి. నా అభిప్రాయంలో, ఒక్క వారసుడైనా వీలునామా మీద మొహం చిట్లించాడంటే సర్టిఫికెట్ దారి వదిలేసి నేరుగా ప్రొబేట్ వేయడం మంచిది. ముందుగా ఖర్చు ఎక్కువే, ఎందుకంటే ఇంటి విలువ కూడా లెక్కలోకి వస్తుంది. కానీ రెండుసార్లు పోట్లాడే అవసరం ఉండదు.

ప్రొబేట్ పిటిషన్ ఎగ్జిక్యూటర్ వేస్తారు, అంటే మన ఉదాహరణలో తమ్ముడు. మరణం తర్వాత ఏడు రోజులు గడిచేదాకా ప్రొబేట్ ఇవ్వరు. అసలు వీలునామా కోర్టుకు అప్పగించాలి కాబట్టి ముందే స్పష్టమైన నకళ్లు తీసిపెట్టుకోండి. సాక్షి సంతకం చేసినవారిలో ఒకరు దొరికితే పిటిషన్‌ను వారు కూడా ధృవీకరించాలి. విచారణలో వీలునామాను నిరూపించడానికి కనీసం ఒక సాక్షిని బోనెక్కించాలి. వీలునామా రిజిస్టరు చేసి ఉన్నా ఈ అవసరం తప్పదు. రిజిస్ట్రేషన్ ఉంటే చాలు, సాక్షులెందుకు అన్న ధీమా చాలా ఇళ్లలో ఉంది. సాక్షులు పెద్దవాళ్లైతే ఆ ధీమా మరీ ప్రమాదం. సాక్షులిద్దరూ పోతే వాళ్లలో ఒకరి చేతిరాతనూ రాసినాయన సంతకాన్నీ గుర్తించగలవారిని వెతకాల్సి వస్తుంది.

ఎవరైనా ఎదురుతిరిగితే ప్రొబేట్ పిటిషన్ సివిల్ దావాలా నడుస్తుంది. దానికి మూడేళ్ల కాలపరిమితి వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. దరఖాస్తు చేసే హక్కు పుట్టిన రోజు నుంచి ఆ మూడేళ్లు లెక్కిస్తారు. మరణ తేదీయే ఆ రోజు కావాలని లేదు. కానీ ఆ వాదన మీద ఆధారపడకుండా మూడేళ్లలోపే వేయడం క్షేమం. ప్రొబేట్ వచ్చాక ఎగ్జిక్యూటర్ పని మొదలవుతుంది: ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో జమాఖర్చుల లెక్క కోర్టుకు సమర్పించాలి. చేస్తానని ఒప్పుకున్న తమ్ముడికి ఈ సంగతి ముందే చెప్పండి.

కాగితం చేతికొచ్చిన రోజు

సర్టిఫికెట్ అందుకున్న వెంటనే కోర్టు ఆవరణలోనే షెడ్యూలుతో ఒక్కో నంబరూ సరిచూసుకోండి: ఖాతా నంబర్లు, షేర్ల సంఖ్య, పేర్ల స్పెల్లింగు, బదిలీ అధికారం ఉందా లేదా. తప్పుంటే అక్కడే సవరణకు దరఖాస్తు పెట్టడం తేలిక. తర్వాత ఇంకో డిపాజిట్ రసీదు బయటపడితే కొత్త పిటిషన్ అక్కర్లేదు. అదే కోర్టులో, ఉన్న సర్టిఫికెట్‌ను ఆ బాకీకి కూడా విస్తరించమని అడిగి, అదనపు మొత్తానికి ఫీజు కడితే సరిపోతుంది.